ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు చెప్పేటప్పుడు

అమ్మడూ,

వచ్చే నెల నుంచి నీకు ఐసీయూ డ్యూటీ అనీ, సాయంత్రం పేషెంట్ల వాళ్లతో మాట్లాడే పని కూడా నీదేననీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మనింట్లో మొదటి డాక్టరువి, చెప్పలేనంత సంతోషంగా ఉంది. కానీ నువ్వు గబగబా మాట్లాడతావు. నా భయమంతా అక్కడే.

వాళ్లను కూర్చోబెట్టి చెప్పు. పేషెంటుకి ఏమవుతారో ముందు అడుగు. ఇవి నీకు తెలిసినవే.

ఆక్సిజన్ అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త తల్లీ. కోవిడ్ తగ్గాక ఒకసారి నిమోనియాతో ఒక మిర్చి రైతుని మా ఐసీయూకి తెచ్చారు. వెంటిలేటర్ పెట్టిన రోజు మిషన్ 100 శాతం ఆక్సిజన్ ఇస్తున్నా వేలి క్లిప్పులో 88 దాటలేదు. మూడో రోజుకి మిషన్‌ని 40కి తగ్గించినా క్లిప్పులో 95 నిలబడింది. అది ఎంత మంచి కబురో నీకు తెలుసు. డ్యూటీ డాక్టరు తలుపు దగ్గరికొచ్చి, "ఆక్సిజన్ 40కి వచ్చిందండీ" అని ఒక్క ముక్క చెప్పి లోపలికెళ్లిపోయాడు. 94 కంటే తగ్గితే ప్రమాదమని కోవిడ్‌లో ఇంట్లో క్లిప్పు పెట్టుకుని నేర్చుకున్నవాడు ఆ కొడుకు. వెంటనే ఊరికి ఫోన్ చేసి, "నాన్న ఇక దక్కడు, బయల్దేరండి" అన్నాడు. ఏడుస్తూ వచ్చిన వాళ్లమ్మని చూశాకే నాకు సంగతి తెలిసింది. పక్కన కూర్చుని ఇలా చెప్పాను:

"మిషన్ ఎంత ఇస్తోందో అది ఒక లెక్క, ఒంట్లో రక్తానికి ఎంత అందుతోందో అది ఇంకో లెక్క. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది. ఈయనకి మొదట 100 ఇచ్చాం, ఇప్పుడు 40 చాలుతోంది. క్లిప్పులో 95 ఉంది. ఊపిరితిత్తులు కాస్త తేరుకుంటున్నాయి. బీపీకి మందు ఇంకా నడుస్తోంది, అందుకని గండం గడిచిందని ఇప్పుడే అనలేం."

ఆ ఆఖరి మాట వదలకు. మిషన్ 40 నుంచి మళ్లీ 70కి పెంచాల్సొస్తే, అదీ అదే రోజు చెప్పు.

ఇంకొకటి. "వెంటిలేటర్ తీసేస్తున్నాం" అని ఊరికే అనకు. జనం దాన్ని ఆశ వదులుకోవడం అనుకుంటారు. "రేపు పొద్దున మత్తు తగ్గించి, మిషన్ సాయం బాగా తగ్గించి, అరగంట నుంచి రెండు గంటలు ఆయనంతట ఆయన ఊపిరి తీసుకోగలరేమో చూస్తాం. ఆయాసం వస్తే సాయం మళ్లీ పెంచుతాం. తట్టుకుంటే గొంతులో గొట్టం తీస్తాం" అని చెప్పు. తీశాక కొందరికి మళ్లీ పెట్టాల్సి రావచ్చని కూడా ముందే చెప్పాలి, తర్వాత చెబితే నమ్మరు. గొట్టం స్వరపేటిక మధ్యలోంచి పోతుంది కాబట్టే ఆయన మాట్లాడలేకపోతున్నాడనీ, తీశాక కొన్నాళ్లు గొంతు బొంగురుగా ఉండొచ్చనీ చెప్పు.

అంతా అయ్యాక, "ఇంటికి ఫోన్ చేసి ఏం చెబుతారో నాకోసారి చెప్పండి" అని అడుగు. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. వాళ్ల నోట ఉత్త 40 అనే మాటే వస్తే, విసుక్కోకుండా మళ్లీ మొదట్నుంచీ చెప్పు.

మీ మేనత్త