కన్యాశుల్కం: ఏ కూర్పును ఉటంకించాలి?

సందేహం: ‘తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న దురభిప్రాయాన్ని పోగొట్టడానికే గురజాడ 1892లో కన్యాశుల్కం రాశారు, అప్పటికే ఆయన పూర్తిస్థాయి వ్యావహారికవాది’ అని ఒక వ్యాసంలో రాసి, ఆయన పీఠికనే ఆధారంగా చూపాను. అది రెండవ కూర్పు పీఠిక కాబట్టి చెల్లదని మిత్రుడొకరు అన్నారు. నాటకం ఒకటే, రచయిత ఒకరే అయినప్పుడు ఏ ప్రతి చూపితే ఏమిటి? ఇంతకీ ‘కూర్పు’ అనాలా, ‘ముద్రణ’ అనాలా?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం సరైనదే. అయితే ఆ పీఠిక చెల్లకుండా పోదు. మీరు చెప్పదలచుకున్నదానిలో ఒక భాగానికి అది ఆధారమవుతుంది, మరొక భాగానికి కాదు.

కన్యాశుల్కం విజయనగరంలో మొదట ప్రదర్శితమైంది 1892లో. అచ్చయింది 1897లో. ఆ పుస్తకంలో అయిదు అంకాలున్నాయి. తరువాత గురజాడ నాటకాన్ని తిరగరాసి, బాగా పెంచి, 1909లో ఏడు అంకాలతో మళ్ళీ ప్రకటించారు. మనం చదివేదీ, వేదిక మీద చూసేదీ, సందర్భం వస్తే అప్పజెప్పేదీ ఈ 1909 నాటకాన్నే. మొదటిది చాలాకాలం సామాన్య పాఠకుడికి అందుబాటులో లేదు. 1969లో పరిశోధకుడు బంగోరె దాన్ని ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో తిరిగి వెలువరించారు. తెలుగు నాటకం మీద పనిచేసే ప్రతివారూ ఆయనకు రుణపడి ఉండాలని మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ పుస్తకం రాకపోతే ఈ పోలికే సాధ్యమయ్యేది కాదు.

ఇక పీఠికల సంగతి. రెండూ ఇంగ్లీషులో రాసినవే. ఇప్పుడు దొరికే ప్రతులు చాలావాటిలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. వీటిని కలిపి ‘గురజాడ పీఠిక’ అనడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. 1897 పీఠికలో ముందు వచ్చేది భాష కాదు, కన్యల అమ్మకం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళ పట్టికను మహారాజా ఆనందగజపతి తయారు చేయించారనీ, లెక్క 1034కు చేరిందనీ గురజాడ చెబుతారు. అయిదేళ్ళ పిల్లలే అందులో 99 మంది. ఈ దురాచారాన్ని బయటపెట్టడం సాహిత్యం పని అనీ, చదివే అలవాటు జనంలో వ్యాపించేదాకా అందుకు రంగస్థలమే దిక్కనీ ఆయన వాదన. నాటకం రాయడానికి కారణంగా చెప్పింది ఇదే.

భాష ప్రస్తావన ఆ తరువాత వస్తుంది. మీ మిత్రుడు కూడా దీన్ని గమనించాలి. వాడుకభాషలో ఎందుకు రాశారో ఆ మొదటి పీఠికలోనే గురజాడ రెండు కారణాలు చూపారు. గ్రాంథికం కన్నా అది జనానికి బాగా అర్థమవుతుందన్నది ఒకటి. తెలుగులో హాస్యనాటకానికి తగిన భాష అదేనన్న తన నమ్మకం రెండవది. అప్పటి తెలుగు నాటకాల్లో ఎక్కువ భాగం సంస్కృతానికి అనువాదాలు, మిగిలినవి వాటికి అనుకరణలు కాబట్టి, హాస్యానికంటూ స్థిరపడిన భాష ఇంకా ఏర్పడలేదని ఆయన వివరణ. చూడండి, ఇది ఎంత హద్దులో ఉన్న మాటో! హాస్యనాటకం గురించే తప్ప పాఠ్యపుస్తకాల గురించి గానీ, వచనమంతటి గురించి గానీ ఇక్కడ ఆయన తీర్పు చెప్పడం లేదు.

1909 పీఠిక మొదటి వాక్యంలోనే స్వరం మారుతుంది. ఇరవై ఏళ్ళ కిందట ఈ నాటకాన్ని సంఘసంస్కరణకు తోడ్పడడానికీ, తెలుగు భాష రంగస్థలానికి తగదన్న దురభిప్రాయాన్ని ఎదుర్కోవడానికీ రాశానని అంటారు. అంటే భాష లక్ష్యాల్లో ఒకటిగా సంస్కరణ పక్కన వచ్చి కూర్చుంది. ఆ రెండు పీఠికల మధ్య గడిచిన కాలాన్ని తలచుకోండి. గిడుగు రామమూర్తి, బడుల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర, గురజాడ కలిసి బడుల్లో నేర్పే తెలుగు గురించి వాదం మొదలుపెట్టిన కాలమది. ఆ వాదం మధ్యలో ఉన్న మనిషి తన పాత రచనను వెనుదిరిగి చూసి చెప్పిన మాట ఇది. అబద్ధమని అనను. తన ఉద్దేశం గురించి రచయిత స్వయంగా ఇచ్చిన సాక్ష్యం అది. కానీ ఆ సాక్ష్యం పుట్టిన తేదీ 1909. దాన్ని 1892లో అన్న మాటగా చూపితే మీ వాదం అక్కడే విరుగుతుంది. ‘పూర్తిస్థాయి వ్యావహారికవాది’ అన్న మాటకైతే 1909 పీఠికా, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన అసమ్మతి పత్రమూ ఆధారాలవుతాయి. 1897 పీఠిక ఒక్కటే చాలదు.

ఇదే జాగ్రత్త నాటకం లోపలి మాటలకూ వర్తిస్తుంది. మధురవాణి మనకు తెలిసిన నిండుతనానికి ఎదిగింది రెండవ కూర్పులోనే. ఆమె మాటకారితనాన్ని చూపించి ‘1892 ప్రేక్షకులు దీన్ని ఇలా స్వీకరించారు’ అని రాసేముందు, ఆ సంభాషణ 1897 పుస్తకంలో ఉందో లేదో వెతకాలి. ఉన్నా కూడా అది 1897 అచ్చు పాఠమే. అయిదేళ్ళ ముందు నటులు పలికింది అక్షరాలా అదేనని చెప్పలేం. లేకపోతే, ఆ మాట అప్పటికి వాడుకలో లేదని కాదు, ఈ నాటకం నుంచి దానికి అంత పాత ఆధారం దొరకలేదని మాత్రమే. ఒక పదం ఎప్పటి నుంచి వాడుకలో ఉందో నిర్ణయించేవారు ఈ తేడాను తరచు మరచిపోతారు.

ఇంకొక చిక్కు ఉంది. వాదం క్రియారూపం మీద, అంటే ‘వచ్చాడు’, ‘వచ్చేడు’ లాంటి ఒక్క అక్షరం తేడా మీద నిలిచినప్పుడు, ఇటీవలి ప్రతిని నమ్మవద్దు. తరువాతి ముద్రణల్లో అచ్చుకూర్చేవారూ, పరిష్కర్తలూ తమ అలవాటు కొద్దీ దిద్దే అవకాశం ఉంది. అలాంటి చోట 1897, 1909 పుస్తకాల పుటల ఛాయాచిత్రాలు సంపాదించి చూడక తప్పదు. మీ దగ్గరున్న పుస్తకంలో పీఠిక తెలుగులో ఉంటే అది అనువాదమని గుర్తించి, ఇంగ్లీషు మూలాన్ని చూడండి.

కన్యాశుల్కాన్ని కళాఖండంగా విశ్లేషించేటప్పుడు నేను సంకోచం లేకుండా 1909 పాఠాన్నే తీసుకుంటాను. రచయిత తన చేత్తో చివరగా తీర్చిదిద్దింది అదే, తెలుగువారు తమదిగా చేసుకున్నదీ అదే. గురజాడ ఆలోచన ఎప్పుడు ఎలా మారిందని అడిగేటప్పుడు మాత్రం రెండింటినీ విడివిడిగా ఉటంకించాలి. ఒకదానిలోని మాటను మరొకదానిలోని మాటతో కలిపి ఒకే ఉటంకింపుగా కుట్టకూడదు.

మీ చివరి ప్రశ్నకు: పాఠం మారితే ‘కూర్పు’ అనండి, ఉన్న పాఠమే మళ్ళీ అచ్చయితే ‘ముద్రణ’ అనండి. 1909 నాటిది రెండవ కూర్పు. దాన్ని ఆ తరువాత ఎన్నిసార్లు అచ్చువేసినా అవి ఆ కూర్పుకు ముద్రణలే. అంకం సంఖ్య ఒక్కటే ఇస్తే పాఠకుడు దారి తప్పుతాడు, ఎందుకంటే మొదటి కూర్పులో అయిదవ అంకంతో నాటకం ముగుస్తుంది, రెండవదానిలో దాని తరువాత ఇంకా రెండు అంకాలున్నాయి. ‘రెండవ కూర్పు (1909), అయిదవ అంకం’ అని రాసి, మీరు చూసిన ముద్రణ సంవత్సరాన్నీ పుటనూ చేర్చండి. మొదటిదానికి ‘మొదటి కూర్పు (1897), బంగోరె ప్రచురణ, 1969’ అంటే సరిపోతుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘హాస్యనాటకానికి వాడుకభాషే తగినదని గురజాడ 1897 నాటికే ప్రకటించారు, తెలుగు భాష రంగస్థలానికి తగదన్న అపోహను తొలగించడం కూడా తన ఉద్దేశమని 1909లో రెండవ కూర్పు పీఠికలో చెప్పారు.’