గోడ లోపల గోడ

అమ్మాయీ,

జైల్లోని ఆడ ఖైదీల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా ఊచలు, కన్నీళ్లు, ఒక జోలపాట. జోలపాట బాగుంది, కాదనను. కానీ పదకొండు పేజీలు చదివాక కూడా ఆ జైల్లో ఆడవాళ్ల బ్యారక్ ఎక్కడుందో నాకు తెలియలేదు. వంటగది అక్కడికి ఎంత దూరం, ఆసుపత్రి గది ఏ వైపు, ఆ ఆవరణకు తలుపులు ఎన్ని, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవేవీ లేవు. ముందు ఒక తెల్లకాగితం మీద ఆ జైలు పటం గీసుకో. గీయలేకపోతే ఇంకోసారి వెళ్లిరా. నీ వ్యాసం అసలు మొదలయ్యేది ఆ పటం దగ్గరే.

ఎందుకంటున్నానో చెబుతాను. 1894 నాటి ప్రిజన్స్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. ఒకే జైల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ ఉంటే ఆడవాళ్లను వేరే భవనంలో గానీ, అదే భవనంలో వేరే భాగంలో గానీ ఉంచాలని, వాళ్లు మగ ఖైదీలను చూడకుండా, వాళ్లతో మాట్లాడకుండా ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. చెడ్డ ఉద్దేశంతో రాసింది కాదు. ఆ కట్టడి లేకపోతే ఏం జరుగుతుందో ఊహించలేనంత అమాయకులం కాదు మనం. కానీ కట్టేవాడు దాన్ని ఎలా అమలు చేశాడో చూడు. జైలంతా మగవాళ్ల కోసం కట్టి, ఓ మూల నాలుగు గదుల చుట్టూ ఇంకో గోడ లేపాడు. లైబ్రరీ, ఆసుపత్రి, పని నేర్పే షెడ్లు, క్యాంటీన్, ఆటస్థలం అన్నీ ఆ గోడకు అవతల ఉండిపోయాయి. మగ ఖైదీ పొద్దున బ్యారక్ తలుపు తీశాక వాటి దగ్గరికి నడిచి వెళ్తాడు. ఆడ ఖైదీ వెళ్తే అతని కంటపడుతుంది, అంటే నియమం తప్పినట్టు. అందుకని ఆమెను పంపరు. కనపడకూడదని పెట్టిన నియమం కదలకూడదనే నియమంగా మారింది. ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు. నీ పటం మీద మాత్రం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో ఆడవాళ్లు 23,772 మంది. అంటే వందకు నలుగురు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది ఇలాంటి మూల ఆవరణల్లోనే, ప్రత్యేక మహిళా జైళ్లలో కాదు. నలుగురి కోసం ఇంకో వంటగది, ఇంకో డాక్టరమ్మ, ఇంకో కుట్టుమిషన్ల షెడ్డు ఎందుకని బడ్జెట్ రాసేవాడికి అనిపిస్తుంది. ఇందులో క్రూరత్వం వెతక్కు, అది గుమాస్తా లెక్క.

"అయితే అందరినీ మహిళా జైళ్లకే పంపొచ్చుగా?" అని నువ్వు ఏడో పేజీలో అడిగావు. మంచి ప్రశ్నే, కానీ జవాబు వెతక్కుండానే ముందుకు వెళ్లిపోయావు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివి రాజమహేంద్రవరంలో, కడపలో ఉన్నాయి. తెలంగాణలో చంచల్‌గూడలో ఉంది. అక్కడ జైలంతా ఆడవాళ్లదే కాబట్టి లోపలి గోడ బాధ చాలావరకు తప్పుతుంది. కానీ శ్రీకాకుళం మనిషిని రాజమహేంద్రవరం పంపితే ములాఖత్‌కు వచ్చేవాళ్లకు ఒక వైపే 300 కిలోమీటర్లు. ఇక వచ్చేవాళ్లెవరు? మగవాడు లోపలుంటే వాళ్లమ్మో పెళ్లామో కూలి మానుకుని, టిఫిన్ డబ్బా కట్టుకుని వస్తుంది. ఆడది లోపలుంటే మొగుడు మొదటి నెల వస్తాడు, రెండో నెల వస్తాడు. ఆ తర్వాత సంగతి ములాఖత్ రిజిస్టర్ చెబుతుంది. అందరూ అలా ఉంటారని కాదు, కానీ నేను విన్నవాటిలో ఎక్కువ ఇలాంటివే. దగ్గర ఉంచితే గోడ, సౌకర్యం ఉన్నచోటికి పంపితే దూరం. ఈ రెండింటి మధ్య చిక్కు తేలికగా విప్పొచ్చన్నట్టు మాత్రం రాయకు.

ఇప్పుడు నీ వ్యాసంలోని గర్భిణి సంగతి. "ఆమెను పట్టించుకునేవారే లేరు" అని నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను. పట్టించుకున్నారు, చాలామందే. అందరూ పట్టించుకుంటూ ఉండగానే ఆమెకు స్కానింగ్ ఎలా జరగలేదో అడుగడుగునా రాయి. నాకు తెలిసిన వరస ఇది. రిమాండ్‌లో ఉన్న ఏడో నెల గర్భిణి కాళ్లు వాచాయని చెబుతుంది. జైలు డాక్టరు చూసి జిల్లా ఆసుపత్రికి రాస్తాడు. సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి ఎస్కార్ట్ కావాలని పోలీసులకు లెటర్ వెళ్తుంది. మగ ఖైదీ అయితే ఉన్నవాళ్లలో ఇద్దరు కానిస్టేబుళ్లు చాలు. ఈమెకు మహిళా కానిస్టేబుల్ ఉండి తీరాలి. ఉన్న కొద్దిమందినీ ఆ రోజు జాతర బందోబస్తుకో, మంత్రిగారి పర్యటనకో వేశారు. ఆ వారం పోయింది. తర్వాతి వారం ఎస్కార్ట్ వచ్చింది, కానీ పదకొండు గంటలకు. గేటు దగ్గర సోదా, సంతకాలు, బండి. వీళ్లు చేరేసరికి ఓపీ మూసేశారు. చీటీ మీద ఇంకో తేదీ వేసి పంపారు. ఇందులో వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు చూడు. లెటర్ సరిగ్గానే వెళ్లింది, డాక్టర్ సరిగ్గానే రాశాడు. ఆమె కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

దీన్ని ఊహతో రాయనక్కర్లేదు. డాక్టరు రాసిన తేదీ, ఎస్కార్ట్ కోసం లెటర్ వెళ్లిన తేదీ, ఆసుపత్రి ఓపీ చీటీ మీద పడిన తేదీ, ఈ మూడూ పక్కపక్కన పెట్టు. మధ్యలో ఉన్న రోజులే నీ కథ. ఎస్కార్ట్ ఎన్నిసార్లు అడిగారు, ఎన్నిసార్లు వచ్చింది అని పేర్లు లేకుండా సమాచార హక్కు కింద అడగొచ్చు. మగవాళ్ల అంకెలు, ఆడవాళ్ల అంకెలు విడివిడిగా అడుగు. కలిపి ఇస్తే వందలో నలుగురు ఎక్కడా కనిపించరు.

నా తప్పొకటి చెబుతాను, నువ్వు చేయకుండా ఉంటావని. చాలా ఏళ్ల కిందట ఒక జైలుకు వెళ్లాను, ఏ ఊరో వద్దులే. "ప్యాడ్లు ఇస్తున్నారా?" అని అడిగాను. "ఇస్తున్నాం మేడమ్" అన్నారు. బీరువా తెరిచి చూపించారు కూడా. నేను అలాగే రాశాను, అది అబద్ధం కాదు. ఆ వ్యాసం చదివి, విడుదలై వచ్చిన ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఇస్తారమ్మా, కాదనట్లేదు. నెలకు మనిషికి లెక్క. నాకు ఆ లెక్క రెండు రోజులకే సరిపోయేది. ఇంకోటి కావాలంటే ఎందుకో చెప్పాలి, అందరి ముందూ. పోనీ వాడింది ఎక్కడ పడేయాలి? సాయంత్రం లాకప్ వేస్తే మళ్లీ తెల్లారాకే తలుపు. లోపల ఒక్క దొడ్డి, తొట్టిలో నీళ్లు తెల్లారేదాకా ముప్పై మందికి రావాలి. కాగితంలో చుట్టి పక్క కింద పెట్టుకుని పడుకునేదాన్ని" అంది. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్యాడ్లు అవసరాన్ని బట్టి ఇవ్వాలంటుంది. అవసరం అనే మాట స్టోర్ రూమ్‌కు చేరేసరికి అంకె అయిపోతుంది. అప్పటి నుంచి నేను ఇస్తారా అని అడగడం మానేశాను. ఎన్ని, ఎవరు, ఎవరి ముందు, రాత్రి ఎక్కడ పడేస్తారు, నీళ్లు ఏ వేళకు వస్తాయి, ఇవే అడుగుతాను.

పిల్లల గురించి నువ్వు రాసిన భాగంలో గుండె తరుక్కుపోయే మాటలు చాలా ఉన్నాయి, విషయం తక్కువ ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఏపీ కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు తెచ్చుకుని చదువు. మన రాష్ట్రం పేరు మీదే ఉన్నా మనలో చదివినవాళ్లు తక్కువ. బిడ్డ ఆరేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండొచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. పుట్టిన చోటుగా సర్టిఫికెట్‌లో జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. తిండికి మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొలతలు పాటించాలి. క్రెష్, నర్సరీ వీలైతే జైలు ఆవరణకు బయటే ఉండాలి.

ఆ చివరి ఆదేశం ఎందుకో ఆ తీర్పులోనే ప్రస్తావించిన ఒక అధ్యయనం వల్ల అర్థమవుతుంది. ఆడవాళ్ల వార్డులోనే పెరిగిన మగపిల్లలు తమ గురించి ఆడపిల్లల్లా మాట్లాడతారట. తల్లితో కోర్టుకు వెళ్లేటప్పుడు రోడ్డు మీద పశువులు కనిపిస్తే బెదిరిపోతారట. మన భాషలో "నేను వచ్చాను" అనడానికి ఆడామగా తేడా లేదు కాబట్టి మనకు మొదటి సంగతి చప్పున తట్టదు. హిందీలో ఆ తేడా నోరు తెరవగానే బయటపడుతుంది. మగవాళ్ల కంట పడకూడదని తల్లికి కట్టిన గోడ, ఏ నేరమూ చేయని పిల్లవాడి నోట్లోకి ఎలా వచ్చిందో చూడు. 2022 చివరికి 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలు ఇలా ఉన్నారు. నీ జోలపాట పక్కన ఈ సంగతి పెడితే ఆ పాట వేరేగా వినిపిస్తుంది.

ఇంకొన్ని చిన్న మాటలు. "ఏం చేసి లోపలికి వచ్చావు?" అని ముందుగా అడగకు. అడిగితే ఆ తర్వాత ఆమె చెప్పేదంతా తన కేసుకు సంజాయిషీలాగే ఉంటుంది, నీళ్ల గురించి చెప్పదు. పేరు, ఊరు, కేసు వివరం మార్చడం చాలదు. చిన్న జైల్లో ఆరుగురే ఉంటారు, "మూడేళ్ల కవల పిల్లల తల్లి" అని రాస్తే ఎవరో అందరికీ తెలుస్తుంది. మహిళా వార్డర్‌తో కూడా కూర్చుని మాట్లాడు. నువ్వు ఆవిణ్ణి విలన్‌ను చేశావు. రాత్రి షిఫ్టులో ఆ ఆవరణకు ఒక్కర్తే ఉండి, తన బిడ్డను అత్త దగ్గర వదిలి, సెలవు పెడితే బదులు మనిషి దొరకని ఉద్యోగం ఆవిడది. ఆవిడ రాకపోతే ఆ తలుపు తెరిచేవాళ్లు లేరు.

నీ కాగితాలు తిరిగి పంపుతున్నాను, పెన్సిల్‌తో రాసినవి చూసుకో. ఈసారి వెళ్లినప్పుడు పొద్దున లాకప్ తీసే వేళ నుంచి సాయంత్రం మూసే వేళ దాకా ఉండటానికి అనుమతి అడుగు. ఆ ఆవరణ తలుపు రోజంతా ఎన్నిసార్లు తెరిచారు, ఎవరి కోసం తెరిచారు అన్నది మాత్రం లెక్కపెట్టి నాకు రాయి.

ఉంటాను.