ఆధార్ రెండు వైపులూ ఒకే పేజీలో

మారతహళ్లిలో ఇల్లు తీసుకుంటున్నాం, ఓనరుకి ఆధార్ రెండు వైపులూ ఒకే కాగితం మీద కావాలట. ఆఫీసు జిరాక్స్ మెషీన్‌లో ఎలా తీయాలండీ?

ప్యానెల్ మీద ID Card Copy గానీ ID Copy గానీ ఉంటుంది, బ్రదర్ మెషీన్లలో 2 in 1 ID అంటారు. అది నొక్కి, కార్డును పైన ఫీడర్‌లో కాకుండా అద్దం మీద బోర్లా పెట్టి Start నొక్కండి. మెషీన్ ఆగి రెండో వైపు అడుగుతుంది. కార్డు తిప్పి అదే చోట పెట్టి మళ్లీ నొక్కితే, రెండూ ఒకే ఏ4 మీద వస్తాయి.

చాలామంది కార్డును అద్దం మూలకి ఆనించేస్తారు. అంచున కొన్ని మిల్లీమీటర్లు స్కాన్ కావు, దాంతో ఆధార్‌లో అడుగునుండే నంబరు తెగిపోవచ్చు. అందుకే అర అంగుళం లోపలికి జరపండి. తిప్పేటప్పుడు పుస్తకం పేజీలా పక్కకి తిప్పండి, లేదంటే చిరునామా తలకిందులుగా వస్తుంది.