ఎక్స్‌ప్రెషన్ ఒకటే వచ్చినా సోల్ అర్జ్, పర్సనాలిటీ సంఖ్యలు ఎందుకు మారతాయి?

ప్రశ్న: "మాది విశాఖపట్నం. నా పేరును ఒక యాప్‌లో వేసి చూశాను, తరువాత ఇక్కడే ఒక సంఖ్యాశాస్త్ర నిపుణుడిని కలిశాను. ఇద్దరూ ఎక్స్‌ప్రెషన్ నంబరు 4 అనే చెప్పారు. కానీ సోల్ అర్జ్ ఒకరు 5 అంటే మరొకరు 3 అన్నారు. పర్సనాలిటీ కూడా 8, 1 అని వేరువేరుగా వచ్చింది. నా పేరులో Y ఉంది. ఎవరి లెక్క సరైనది?"

జవాబు:

మధురవాడలో ఉండే మా పిన్ని కూతురికి సరిగ్గా ఇదే చిక్కు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని అక్షరం అక్షరం లెక్క వేసుకున్నాం. ఆమె పేరు ఇక్కడ పెట్టడం సరికాదు కనుక, అదే చిక్కు కనిపించేలా నేను కల్పించిన GEDELA VIJAYA LAKSHMI అనే పేరుతో వివరిస్తాను.

ఎక్స్‌ప్రెషన్ ఇద్దరికీ కలిసిందంటే ఇద్దరూ బహుశా ఒకే పట్టిక వాడారు. మన ఊళ్లో పేరు చూసే వారిలో చాలామంది హస్తసాముద్రికుడు కీరో పుస్తకాల ద్వారా వ్యాపించిన కాల్డియన్ పట్టికను వాడతారు. అందులో ఏ అక్షరానికీ 9 విలువ ఉండదు, ఈ కల్పిత పేరుకు మొత్తం 51, అంటే 6 వస్తుంది. సోల్ అర్జ్, పర్సనాలిటీ అనే పేర్లతో లెక్కించే యాప్‌లు సాధారణంగా పైథాగరస్ పేరుతో పిలిచే ఈ పట్టికను అనుసరిస్తాయి:

```
1: A J S    2: B K T    3: C L U
4: D M V    5: E N W    6: F O X
7: G P Y    8: H Q Z    9: I R
```

పేరులోని అన్ని అక్షరాల మొత్తం ఎక్స్‌ప్రెషన్, అచ్చుల మొత్తం సోల్ అర్జ్, హల్లుల మొత్తం పర్సనాలిటీ. GEDELA 25, VIJAYA 23, LAKSHMI 28, కలిపితే 76. ఏడు, ఆరు కలిపితే 13, మళ్లీ కలిపితే 4. ఇక అచ్చులను మాత్రమే తీసుకుంటే ఇంటిపేరులో 11, VIJAYA లో 11, LAKSHMI లో 10, మొత్తం 32, కనుక సోల్ అర్జ్ 5. భాగాలలో 11 కనిపించినా తుది మొత్తం 32 కనుక దీనిని ఒక్క అంకెకు కుదించకుండా ఉంచే మాస్టర్ నంబరుగా పరిగణించనక్కరలేదు. మిగిలిన హల్లులు 14, 12, 18 కలిపి 44, కనుక పర్సనాలిటీ 8. ఈ 32, 44 కలిపితే తిరిగి 76 రావాలి. రాకపోతే ఏదో ఒక అక్షరం జారిపోయిందనో, రెండుసార్లు లెక్కలోకి వచ్చిందనో అర్థం.

ఇప్పుడు మీ చిక్కు దగ్గరకు వద్దాం. ఈ లెక్కలో Y ని హల్లుగా తీసుకున్నాను. దానినే అచ్చుగా తీసుకుంటే 7 అటు నుంచి ఇటు మారుతుంది. అచ్చులు 39 అయి సోల్ అర్జ్ 3 గానూ, హల్లులు 37 అయి పర్సనాలిటీ 1 గానూ మారతాయి. మొత్తం మాత్రం 76 గానే ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్రెషన్ కదలదు.

అయితే మా చెల్లెలి విషయంలో కారణం Y కాదు. ఆమె ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరును ఒక్క అక్షరంగా యాప్‌లో నింపింది. మన కల్పిత పేరులో అలాగే G VIJAYA LAKSHMI అని వేసి చూడండి. మొత్తం 58, అది కూడా 13 మీదుగా 4 కే చేరుతుంది, ఎందుకంటే GEDELA ను కుదిస్తే వచ్చే 7, G ఒక్కదాని విలువ 7 యాదృచ్ఛికంగా ఒకటే అయ్యాయి. కానీ ఇంటిపేరులోని అచ్చులు పోయినందువల్ల అచ్చుల మొత్తం 21, హల్లుల మొత్తం 37 అయ్యాయి. అంటే మళ్లీ 3, 1! రెండు వేర్వేరు కారణాలు ఒకే జవాబు దగ్గరకు తీసుకువచ్చాయి. అందుకే తుది అంకెలను మాత్రమే పోల్చి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో ఎన్నటికీ తెలియదు. కుదించక ముందు ఉన్న మొత్తాలను అడిగి తెలుసుకోండి, యాప్ చూపకపోతే మీరే వేసుకోండి. రెండు లెక్కలలోనూ అచ్చులు, హల్లులు కలిపిన మొత్తం ఒకటే ఉండి, అచ్చుల మధ్య తేడా సరిగ్గా 7 ఉంటే కారణం ఒక Y. మొత్తమే మారి ఉంటే ఇంటిపేరు గానీ, పేరులో ఒక భాగం గానీ, స్పెల్లింగు గానీ మారిందన్నమాట.

Y విషయంలో ఈ పద్ధతి చెప్పే నియమం ఏమిటంటే, ఆ అక్షరం తన చోట అచ్చు ధ్వనిని ఇస్తే అచ్చు, లేకపోతే హల్లు. తెలుగువారికి దీనిని తేల్చడం చాలా సులువు. పేరును తెలుగులో రాయండి. ఆ చోట 'య' వస్తే Y హల్లు, గుడి గానీ గుడిదీర్ఘం గానీ వస్తే అచ్చు. VIJAYA, SURYA, ADITYA లలో అది హల్లు. REDDY, MURTHY, SASTRY లలో అచ్చు. VIJAY వంటి పేర్ల చివరి Y మీద నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు, నేను మాత్రం 'య్' ధ్వని కనుక హల్లుగానే తీసుకుంటాను. కొన్ని యాప్‌లు ధ్వనిని పట్టించుకోకుండా Y ని ఎప్పుడూ ఒకే వైపు వేస్తాయి. SURYA, MURTHY రెండింటినీ అందులో వేసి చూస్తే ఆ సంగతి బయటపడుతుంది.

ఏ పేరు తీసుకోవాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఈ మూడు సంఖ్యలకు పుట్టినప్పుడు పెట్టిన పూర్తి పేరే ఆధారం, పెళ్లి తరువాత వచ్చిన ఇంటిపేరు దీనిలోకి రాదు. జనన ధృవపత్రం లేని పెద్దవారికి నేను పదో తరగతి ధృవపత్రాన్ని చూస్తాను, దానిలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే దానిని విడమరచి రాస్తాను. మన ఉత్తరాంధ్రలో మరో సంగతి ఉంది. సింహాద్రి అప్పన్న మీది భక్తితో పేరుకు ముందు చేర్చిన 'అప్పల' అన్న మాట చాలామందికి బడిలో చేరేటప్పుడు రాలిపోయింది. జనన ధృవపత్రంలో అది ఉంటే లెక్కలోనూ ఉండాలి.

స్పెల్లింగు ఏ వైపు మారిందో కూడా గమనించండి. LAKSHMI కి బదులు LAXMI అని రాస్తే KSH విలువ 11 పోయి X విలువ 6 వస్తుంది. మొత్తం 71 అయి ఎక్స్‌ప్రెషన్ 8 గానూ, హల్లులు 39 అయి పర్సనాలిటీ 3 గానూ మారతాయి, సోల్ అర్జ్ 5 మాత్రం చెక్కుచెదరదు. అదే SRI ని SREE గా మారిస్తే హల్లులు అలాగే ఉండి అచ్చులు మారతాయి.

కూడికలో తప్పొప్పులను ఇలా తేల్చవచ్చు గానీ, 5 అంటే స్వేచ్ఛను, మార్పును కోరే మనసు, 3 అంటే మాటలో, కళలో వెల్లడి కావాలనుకునే మనసు అన్నది ఆ పద్ధతిని నమ్మేవారి వివరణ మాత్రమే. ఈ అక్షరాల విలువలు జీవితాన్ని నడిపిస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నాకు ఈ విద్య మీద ప్రీతి ఉన్నా, ఒక అంకె కోసం ధృవపత్రాలలో పేరు మార్చుకోమని ఎవరికీ చెప్పను. ఒక్క అక్షరం తేడాతో పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాలు ఒకదానితో ఒకటి సరిపోలక పడే ఇబ్బంది నిజమైనది.

మీ పాత ధృవపత్రంలోని పూర్తి పేరును విడమరచి, Y ని పైన చెప్పిన విధంగా పరీక్షించి, అచ్చుల మొత్తం, హల్లుల మొత్తం విడివిడిగా రాసుకోండి. మీ పేరును ఇక్కడ పెట్టనక్కరలేదు, ఆ రెండు మొత్తాలను, ఆ ఇద్దరూ చెప్పిన మొత్తాలను వ్యాఖ్యలో రాస్తే తేడా ఎక్కడ వచ్చిందో చెప్పగలను.