రాత్రి పడుకునేవాళ్ల లెక్కా, పగలు తిరిగేవాళ్ల లెక్కా?

ప్రశ్న: సార్, కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర పదకొండేళ్లుగా ఉగ్గాని బజ్జీ బండి నడుపుతున్నాను. వీధి వ్యాపారుల సర్వేలో నా పేరు రాసుకున్నారు. ఇప్పుడు బండి పెట్టుకునేందుకు సర్టిఫికెట్ అడిగితే ‘మీ వార్డు జనాభా 4,000. అందులో రెండున్నర శాతం, అంటే 100 బండ్లకే చోటు. మీది 131వది’ అంటున్నారు. తెల్లారితే ఇసకేస్తే రాలనంత జనం ఉండే చోట 4,000 ఏంటి సార్? ఈ లెక్క తప్పని కోర్టుకు పోవచ్చా?

జవాబు: అమ్మా, ఆ 4,000 తప్పని మాత్రం కోర్టుకు పోవద్దు. జనగణన చెప్పే అంకె కాబట్టి అది నిలబడుతుంది. దాన్ని మీ మీద వాడిన తీరులోనే లోపముంది.

జనగణనలో మనిషిని ఇంటి దగ్గర లెక్కేస్తారు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగి, మామూలుగా ఆ ఇంట్లో ఉండేవాళ్లను రాసుకున్నారు. ఇల్లు లేనివాళ్లను 28 రాత్రి వాళ్లున్న చోటే లెక్కించారు. డోన్ నుంచి రోజూ వచ్చే గుమాస్తా డోన్ లెక్కలో, అలంపురం నుంచి వచ్చిన రోగి అలంపురం లెక్కలో ఉంటారు. మీ వీధిలో కింద మందుల షాపులు, పైన ల్యాబులు. షాపుకొచ్చే అద్దె కాపురానికి రాదు కాబట్టి ఇళ్లే క్లినిక్కులవుతాయి. వ్యాపారం పెరిగిన కొద్దీ అక్కడ పడుకునేవాళ్లు తగ్గుతారు. లండన్ నడిబొడ్డున సిటీ అనే వ్యాపార ప్రాంతంలో 2021 లెక్కల ప్రకారం నివాసులు 8,600 మందే. పనికొచ్చేవాళ్లు ఐదు లక్షల పైమాటే.

పగటి జనాభాకు వేరే లెక్క ఉంది. నివాసులకు ఆ ప్రాంతంలో పనిచేసేవాళ్లందరినీ కలిపి, ఆ ప్రాంతంలో నివసించే ఉద్యోగులందరినీ తీసేయాలి. మీ వార్డులో 9,000 మంది పనిచేస్తున్నారనీ, అక్కడి నివాసుల్లో 1,500 మందికి ఎక్కడో ఒకచోట పని ఉందనీ అనుకుందాం. 4,000కు 9,000 కలిపి 1,500 తీసేస్తే 11,500. ఇంటి పక్క షాపులోనే పనిచేసేవాణ్ని ఎందుకు తీసేయాలని అడుగుతారేమో. అతను 9,000లో ఒకసారి, 4,000లో ఒకసారి వచ్చాడు, రెండోది తీసేస్తున్నామంతే.

ఈ 11,500లో రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, కొనుగోలుదారులు లేరు. అంటే మీ బండి దగ్గర తినేవాళ్లలో చాలామంది ఏ లెక్కలోనూ లేరు! వాళ్లను మూలమలుపులో నిలబడి గంటగంటకు లెక్కించాలి, లేదా ఆసుపత్రి ఓపీ చీటీలు చూడాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పూటలో 2,000 ఓపీ చీటీలు తెగితే ఆ 2,000 మందీ ఒకేసారి వీధిలో ఉన్నట్టు కాదు. తొమ్మిదింటికి వచ్చినవాడు పదకొండుకు వెళ్లిపోతాడు. పిటిషన్లో రోజంతా వచ్చినవాళ్ల సంఖ్యను ‘పగటి జనాభా’ అని రాస్తే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

ఇక చట్టం. మున్సిపాలిటీల విషయంలో జనాభా అంటే, లెక్కలు వెలువడిన చివరి జనగణన జనాభా అని రాజ్యాంగం 243-పి చెబుతోంది. కాబట్టి ‘మా జనాభా 11,500’ అన్న వాదన నిలవడం కష్టం. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం సెక్షన్ 3(2) చూడండి. రెండున్నర శాతం ‘వార్డు లేదా జోన్ లేదా పట్టణం లేదా నగరం’ జనాభాలో అని ఉంది. వార్డు ఒక్కటే కొలమానం అనలేదు. 2011లో కర్నూలు కార్పొరేషన్ జనాభా 4,30,000 పైన, అందులో రెండున్నర శాతం 10,750. అంతమాత్రాన మీ వీధిలోనే చోటు ఖాయమని కాదు. మీ వీధి వచ్చే వెండింగ్ జోన్‌లో, అంటే బండ్లకు కేటాయించిన ప్రాంతంలో, ఎన్ని బండ్లు పడతాయో విడిగా నిర్ణయిస్తారు. అవి దాటితే సెక్షన్ 4(3) ప్రకారం లాటరీ తీయాలి, మిగిలినవాళ్లకు పక్క జోన్‌లో చోటివ్వాలి. ‘131వది, పో’ అనడానికి వీల్లేదు.

మరి పగటి జనం లెక్క ఎందుకు పనికొస్తుంది? రద్దీ ఉందన్న కారణంతో ఏ ప్రాంతాన్నీ బండ్లు పెట్టనివ్వని నో వెండింగ్ జోన్ చేయకూడదని ఈ చట్టం మొదటి షెడ్యూల్ అంటుంది. సర్వేలో సహజ మార్కెట్‌గా గుర్తించిన చోటునైతే అసలే చేయకూడదు. ఏళ్ల తరబడి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు చేరుతున్న చోటు ఇదని చూపడానికే ఆ గంటగంట లెక్క.

ముందు సమాచార హక్కు కింద మూడు అడగండి: సర్వే జాబితా, మీ జోన్‌లో పట్టే బండ్ల సంఖ్య, రెండున్నర శాతాన్ని దేని మీద కట్టారన్నది. అవి చేతికొచ్చాక టౌన్ వెండింగ్ కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. కమిషనరే దాని ఛైర్మన్. అక్కడ తేలకపోతే సెక్షన్ 20 కింద ఫిర్యాదుల కమిటీ ఉంది, దానికి మాజీ జడ్జి లేదా మాజీ మేజిస్ట్రేట్ అధ్యక్షత వహిస్తారు. సర్వే పూర్తయి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 3(3) చెబుతోంది. దాని జిరాక్స్ ఒకటి బండిలో పెట్టుకోండి.