పాత బిల్లులు కొత్త సాఫ్ట్‌వేర్‌లో రెండుసార్లు లెక్కకొచ్చాయి

ప్రశ్న: కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారాను. కస్టమర్ల నుంచి రావాల్సింది 90,000 అని ఓపెనింగ్ బ్యాలెన్స్ వేశాను. వసూలు చేసుకోవాలి కదా అని పాత బిల్లులు మూడూ మళ్లీ ఎంటర్ చేశాను. ఇప్పుడు బాకీ 2,05,000 చూపిస్తోంది, అమ్మకాలు కూడా 1,15,000 పెరిగాయి. ఎక్కడ తప్పు చేశాను? (బిల్లుల పట్టిక జతచేశాను.)

జవాబు: టెన్షన్ పడకండి, సరిచేయొచ్చు. మీ లెక్కలో రెండు తప్పులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పట్టికలో బిల్లులు 40,000, 60,000, 15,000. వాటి మొత్తం 1,15,000 మీ 90,000 మీద చేరింది. ఈ 1,15,000కీ, 90,000కీ మధ్య 25,000 తేడా ఎక్కడిదంటే, రెండో బిల్లు మీద పాత సాఫ్ట్‌వేర్‌లోనే 25,000 జమైంది. మీరేమో బిల్లును పూర్తి మొత్తానికి ఎక్కించారు.

అమ్మకాల సంగతి ఇంకా ముఖ్యం. ఆ ఆదాయం పాత పుస్తకాల్లో ఒకసారి చూపించేశారు. మామూలు బిల్లులా ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త అమ్మకమే అనుకుంటుంది. బిల్లులో పన్ను ఉంటే అదీ మళ్లీ లెక్కకొస్తుంది.

ముందుగా బ్యాకప్ తీసుకుని, ఆ మూడు బిల్లులూ తీసేయండి. వాటికి కొత్తగా వచ్చిన డబ్బు ఏదైనా జతచేసి ఉంటే, దాన్ని ముందు విడదీయాలి. తర్వాత ఓపెనింగ్ ఎంట్రీలోంచి కస్టమర్ల 90,000 లైను కూడా తీసేయండి. అప్పుడు ఎంట్రీలో డెబిట్ వైపు 90,000 తక్కువవుతుంది. దాన్ని ‘ఓపెనింగ్ బ్యాలెన్స్ అడ్జస్ట్‌మెంట్’ అనే ఖాతాకి డెబిట్ చేయండి. ఇది బ్యాలెన్స్ షీట్ ఖాతా అయ్యుండాలి, ఆదాయ ఖాతా కాకూడదు.

ఇప్పుడు బిల్లులు మళ్లీ ఎక్కించండి. ఈసారి రావాల్సిన మొత్తమే వేయాలి: 40,000, 35,000, 15,000. అమ్మకాల ఖాతా బదులు ఆ అడ్జస్ట్‌మెంట్ ఖాతాని ఎంచుకోండి, పన్ను వేయకండి. (డబ్బు చేతికొచ్చాకే పన్ను కట్టే పద్ధతిలో ఉంటే మాత్రం మీ ఆడిటర్‌ని అడగండి. అక్కడ లెక్క వేరు.) బిల్లు నంబరు, తేదీ, గడువు మాత్రం పాతవే ఉంచండి. అన్నిటికీ ఇవాళ్టి తేదీ వేస్తే, మూడు నెలలుగా మూలుగుతున్న బాకీ కూడా నిన్నటిదిలా కనిపిస్తుంది.

ఇప్పుడు అడ్జస్ట్‌మెంట్ ఖాతాలో డెబిట్ 90,000, క్రెడిట్ 90,000. అంటే ఆ ఖాతా సున్నా కావాలి. బిల్లులవారీ బాకీల రిపోర్టు, బ్యాలెన్స్ షీట్‌లోని కస్టమర్ల ఖాతా, పాత సాఫ్ట్‌వేర్ చివరి రోజు జాబితా మూడూ 90,000 దగ్గర కలవాలి. కొత్త అమ్మకాల్లో ఈ బిల్లులు కనిపించకూడదు. అడ్జస్ట్‌మెంట్ ఖాతాలో సరిగ్గా 25,000 మిగిలితే, రెండో బిల్లు మళ్లీ 60,000కే ఎక్కిందన్నమాట.

ఇకమీదట చాలామంది జారిపడే చోటు వేరే ఉంది. ఆ 35,000 బ్యాంకులో పడగానే దాన్ని కొత్త అమ్మకంగా రాసేస్తారు. అలా కాకుండా, వచ్చిన డబ్బుని పాత బిల్లుకి జతచేయండి.