పెనం ఎంపికలో నేను నమ్మేది మంటను, పెనం రకాన్ని కాదు

ప్రశ్న: చేప ముక్కలు, మటన్ పైపైన ఎర్రగా వేయించుకోవడానికి పోత ఇనుము, స్టీల్, నాన్‌స్టిక్ పెనాల్లో ఏది కొనాలి? ఎంత వేడి వరకు ప్రమాదం లేదు?

గాజువాకలో ఉంటాను. యంత్రాల బేరింగులు ఎంత వేడెక్కాయో దూరం నుంచే చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నా ఉద్యోగంలో రోజూ వాడే పరికరం. ఒక ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి అర కిలో వంజరం, అంటే మా వైపు కోనెం, తెచ్చిన రోజున ఆ థర్మామీటరును వంటింట్లోకి తీసుకువెళ్లాను.

ముందుగా నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద బర్నర్ మీద పెట్టి, మంట పూర్తిగా తెరిచాను. మూడు నిమిషాలు కూడా గడవకముందే మధ్య భాగం 260 డిగ్రీలు చూపించింది. ఆ పూత పీటీఎఫ్‌ఈ అనే పదార్థం. 260 డిగ్రీల వరకు నిలకడగా ఉండి, అక్కడి నుంచి క్రమంగా పాడవుతుంది, 350 దాటితే వేగంగా విడిపోయి విషవాయువులను వదులుతుంది. వాటిని పీల్చినవారికి కొన్ని గంటల తరువాత జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. పంజరంలోని పక్షులైతే ప్రాణాలే కోల్పోతాయి. నేను వెంటనే మంట ఆపాను. ఆ మూడు నిమిషాల్లో పెనం మీద పొగ గాని, చెప్పుకోదగిన వాసన గాని లేదు, కాబట్టి కళ్లతో చూసి ప్రమాదం పసిగట్టే వీలు లేదు.

అదే పెనంలో ముందే రెండు చెంచాల రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె వేసి ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఆ నూనె సుమారు 225, 230 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతుంది, అంటే పూత పాడయ్యే హద్దుకు ముందే హెచ్చరిస్తుంది. అందుకే మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనం ఎప్పుడూ నూనెతోనే పొయ్యి ఎక్కుతుంది, మధ్యస్థమైన మంట దాటదు. గ్రానైట్ పూత అంటూ చుక్కల పెనాలు చూపి, ఎంత మంటైనా తట్టుకుంటుందని చెప్పే దుకాణదారుల మాట నమ్మకండి; వాటిలో చాలావాటికి ఉన్నది అదే పీటీఎఫ్‌ఈ పూత, చుక్కలు చూపుకు మాత్రమే.

తరువాత స్టీల్ పెనం పెట్టాను. ఇక్కడ నా థర్మామీటరే నన్ను మోసం చేసింది. నూనె పలుచగా పొగ తేలుతుండగా, నూనె అంటని మెరిసే అంచు దగ్గర 110 డిగ్రీలు చూపించింది. మెరిసే స్టీలు తన వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, పైగా చుట్టుపక్కల ఉన్నవాటిని అద్దంలా ప్రతిఫలిస్తుంది. ఆ అంకెను నమ్మి మంట పెంచి ఉంటే నూనె అంటుకునేది. స్టీలుకు అంతకంటే మంచి కొలత నీటి చుక్క: పొడి పెనం మీద చిలకరించిన చుక్క సలసల మరిగి ఆవిరైపోతే వేడి చాలలేదు, పాదరసంలా గుండ్రంగా దొర్లితే సుమారు 190 డిగ్రీలు దాటినట్లు. అప్పుడు ఆ చుక్కలు తుడిచి, నూనె వేసి, గుడ్డతో తడి బాగా ఒత్తేసిన ముక్క పెట్టాలి. మొదట అది పెనానికి అతుక్కుంటుంది, అప్పుడు అట్లకాడతో గోకడమే అందరూ చేసే తప్పు. రెండు మూడు నిమిషాలు కదపకపోతే అడుగున పొర గట్టిపడి, ముక్క దానంతటదే వదులుతుంది. నేను తడి సరిగా తుడవని ఒక ముక్క చర్మం పెనానికే ఉండిపోయింది.

అయితే పసుపు, ఉప్పు మాత్రమే పట్టించిన ముక్కలకే ఈ పద్ధతి సరిపోతుంది. కారం, మసాలా దట్టంగా పట్టించిన మన వేపుడు ముక్కలను ఇంత వేడి మీద పెడితే, లోపల ఉడికేలోగా కారం మాడి చేదెక్కుతుంది. వాటికి 170, 180 డిగ్రీల నూనె చాలు, కాబట్టి నాన్‌స్టిక్ నిస్సంకోచంగా వాడవచ్చు.

మటన్, రొయ్యలు ఎర్రగా రావాలంటే నా ఓటు పోత ఇనుముకే. చల్లని, తడి రొయ్యలు గుప్పెడు వేయగానే పలుచని పెనం చల్లబడి, అవి తమ నీటిలోనే ఉడకడం మొదలవుతుంది. బరువైన ఇనుము దాచుకున్న వేడితో ఆ దెబ్బ తట్టుకుంటుంది. కాకపోతే సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు ఓపికగా వేడి చేయాలి, లేకపోతే మంట తగిలే చోట మాత్రమే కాగుతుంది. దానికి పాడయ్యే రసాయన పూత లేదు, హద్దు పెట్టేది నూనె పొగే. నూనె కాల్చి ఎక్కించిన నల్లటి పొరను మాత్రం చింతపండు పులుసు తినేస్తుంది, కాబట్టి చేపల పులుసు అందులో పెట్టకండి. మా సముద్రపు గాలికి ఒక్క రాత్రి తడిగా వదిలినా ఉదయానికి ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే పావు చెంచా నూనె పలుచగా పులిమి పెడతాను.